నూలు ఉద్దెర పెంచమని అడిగేటప్పుడు

భివండీలో మనం నూలు షేఠ్‌ను లిమిట్ పెంచమని నోటిమాటతోనే అడుగుతుంటాం. "ఇన్నేండ్ల నుంచి తీసుకుంటున్నం గదా" అంటే ఆయనకు లెక్క తేలదు.

24 సాంచాల కార్ఖానా అనుకుందాం. 16 సొంత నూలుతో, 8 మజూరీ మీద నడుస్తున్నాయి. మజూరీ నూలు వ్యాపారిదే, దాన్ని మన లెక్కలో కలపరాదు. సాంచాకు రోజుకు 10 కిలోలు, కిలో 200 రూపాయలు అయితే 16 సాంచాలకు రోజుకు 32 వేలు. గుడ్డ పైసలు నెలకు వస్తాయి, పని దినాలు 25. అంటే 8 లక్షల లిమిట్ సరిపోతుంది. కొత్త ఆర్డరుతో ఆ 8 సాంచాలు కూడా సొంతానికి మళ్లితేనే 12 లక్షలు కావాలి. ఆర్డరు చిట్టీ, మీటరుకు పట్టే నూలుతో సహా చూపాలి.

ఇక పాత చెల్లింపులు. షేఠ్ ఖాతా నుంచే ఏడాది లెడ్జరు తీసుకుని, ప్రతి బిల్లు పక్కన పైసలు ఎన్ని రోజులకు ముట్టాయో రాయాలి. ఆలస్యమైనవీ కారణంతో రాయాలి. అవి ఎట్లాగూ ఆయన పుస్తకంలో ఉంటాయి. ఆయన చూసేది అదే: 30 రోజుల బిల్లు 45కు కడితే, 12 లక్షల బాకీ ఆయన మీద 18 లక్షలై కూర్చుంటుంది.