పాల ప్యాకెట్ ఏ బుట్టలోకి?

బడిలో చెత్త వేరుచేసే రిలే పోటీ పెడితే, గెలుపు వేగానికి కాదు, సరైన బుట్టకు దక్కాలి. జట్టుకు ఐదుగురు పిల్లలు, పది వస్తువులు, ఎదురుగా మూడు బుట్టలు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. ఎరుపు బుట్టకు నిజమైన బ్యాటరీలు, మందులు వద్దు, బొమ్మల కార్డులు చాలు. తప్పు బుట్టలో వేస్తే జట్టు సమయానికి 10 సెకన్లు కలపండి.

అరటితొక్క దగ్గర పిల్లలు తడబడరు. చిక్కంతా పాల ప్యాకెట్‌తోనే. లోపల పాలచుక్కలు కనబడగానే తడి చెత్త అనుకుంటారు. అది ప్లాస్టిక్, కడిగి ఆరబెట్టి నీలం బుట్టలో వేయాలి. అందుకే పోటీ అయ్యాక బుట్టలు కుమ్మరించి, తప్పులు పిల్లలచేతే సరిచేయించండి.

ఉపాధ్యాయులారా, వారం తర్వాత తరగతి గది బుట్టలు ఓసారి తెరిచి చూడండి.