మంత్రి ఆదేశం, అధికారి నివేదిక

ఆదేశమిచ్చేది మంత్రి, పని చేసేది అధికారి. ఆ పని జరిగిందో లేదో మంత్రికి తెలిసేది కూడా ఆ అధికారి రాసే నివేదికలోనే. పథకాలు దారి తప్పేది అక్కడే.

2018లో తెలంగాణలో రైతుబంధు కింద ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచారు. అప్పుడొక పరిశోధన జరిగింది. లాటరీ పద్ధతిన కొన్ని మండలాలను ఎంచి, చెక్కు అందిందా, ఎప్పుడందింది అని రైతులకే ఫోన్ చేసి అడుగుతామని అక్కడి వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో మరికొందరు రైతులకు చెక్కులు అందాయి, త్వరగానూ అందాయి. మెరుగుదల చిన్నదే, ఖర్చు అంతకన్నా చిన్నది.

అయితే చెక్కు సంగతి రైతు చెప్పగలడు. వంతెనలో సిమెంటు ఎంత పడిందో ఫోనులో ఎవరు చెబుతారు? అక్కడ మంత్రికి వేరే కళ్లు కావాలి.