చెవితో మొదలయ్యే చదువు

వేల్పూర్‌లో ఐదేళ్ల పిల్లకు ‘పసుపు’ కొత్త మాట కాదు. అక్షరమేదీ చూపకుండా, చప్పట్లు కొడుతూ ఆ మాటను విడగొట్టమనండి: ప, సు, పు. తర్వాత ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందో అడగండి. ‘సుపు’ అని చెప్పిందంటే మాటలోని ధ్వనులను విడదీయగలుగుతోందన్నమాట. ‘పాట, మాట, కోడి’లో చివర వేరుగా వినిపించేదేదో కూడా అడగవచ్చు. ముందు రెండు మాటలు మీరే చేసి చూపండి. లేకపోతే ఆట అర్థంకాక పిల్లలు తప్పు చెబుతారు.

అయితే ఇలా ధ్వనుల పట్టు చూసే ఇంగ్లీషు పరీక్షలను అలాగే దింపుకోవడం నాకు సమ్మతం కాదు. అవి ‘ప’లోంచి ‘ప్’ను వేరుచేయమంటాయి. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం. కన్నడ పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ అక్షరస్థాయి పట్టు ముందు, విడి ధ్వనులపై పట్టు బాగా ఆలస్యంగా కనిపించాయి. కాబట్టి ఐదేళ్లకు ‘ప్’ అందకపోతే భయపడనక్కర్లేదు.

‘పసుపు’కు రెండే చప్పట్లు కొట్టి, చాలా మాటల్లో అలాగే తడబడితే? ముందు వినికిడి చూపించండి. జలుబు, చెవిలో చీము కూడా కారణం కావచ్చు. ఇంట్లో లంబాడీ లేదా ఉర్దూ మాట్లాడే బిడ్డనైతే ఆ భాషలోనే అడగాలి. కొన్ని వారాలు రోజూ ఈ ఆటలే ఆడించి మళ్లీ చూడండి. చాలామంది అందుకుంటారు. అప్పటికీ అందని బిడ్డకు డిస్లెక్సియా అని పేరు పెట్టకండి. ఒకటో తరగతి టీచరుకు ముందే చెప్పి, అక్షరాలు నేర్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకొమ్మనండి.