ఒక మాట, నాలుగు లిపులు
(గిడుగు వెంకట రామమూర్తి గారి స్మరణలో శ్రీకాకుళంలో చేసిన ఉపన్యాసం)



రామమూర్తి గారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. నేర్చుకున్నాక దాన్ని ఏ అక్షరాల్లో రాయాలన్న చిక్కు ఎదురైంది. ఈరోజు ఆ చిక్కు గురించే మాట్లాడతాను. అందుకు సవరలో నీటిని చెప్పే మాట ఒక్కటి చాలు.

మన అక్షరాల్లో దాన్ని దాదాపుగా 'డాఅ' అని రాయవచ్చు. ఆ రెండు అచ్చుల నడుమ గొంతు ఒక్క క్షణం మూసుకుని విడుతుంది. కాదనడానికి మనం నోరు తెరవకుండా 'ఊఁ, ఊఁ' అంటామే, ఆ మధ్యలో తెగే చోటే అది. మనకు అది సైగలో భాగం. సవరలో అది మాటలో భాగం, హల్లుతో సమానం.

ఈ మాటను ఒక్కో రకం లిపి ఎలా పట్టుకుంటుందో చూద్దాం. చైనా వారి పద్ధతిలో ఒక గుర్తు ఒక మాటను పట్టుకుంటుంది. నీటికి వారి గుర్తు పెడితే సవర 'డాఅ' అని, నేను 'నీళ్ళు' అని చదువుకోవచ్చు. ఉచ్చారణ గొడవే లేదు. కానీ పత్రిక చదవాలంటే వేల గుర్తులు రావాలి. పైగా సవరలో నామపదం చివర 'న్' చేరుతుంది. ఆ చిన్న ప్రత్యయానికి బొమ్మ ఎక్కడిది? జపాను వారికీ ఇదే ఇబ్బంది వచ్చింది. చైనా గుర్తుల పక్కన ప్రత్యయాల కోసం కానా అక్షరాలు పెట్టుకున్నారు.

ఆ కానా అక్షరమాలలో ఒక్కో గుర్తు ఒక్కో ఉచ్చారణ ముక్క. 'క'కీ 'కి'కీ పోలిక ఉండదు. మూల గుర్తులు 46తో సరిపోయాయంటే కారణం జపాను భాషలో ముక్కలు తక్కువ కావడమే. ముక్కలు సంక్లిష్టమైతే ఏమవుతుందో ప్రాచీన గ్రీకులో కనిపిస్తుంది. లీనియర్ బి అనే లిపిలో తండ్రి అనే 'పతేర్'ను 'ప-తె' అని రాశారు. చివరి హల్లును రాసే వీలు లేక వదిలేశారు. సవర 'న్' గతీ అంతే అయ్యేది.

ఇక మన లిపి. అక్షరంలో 'అ'కారం ముందే దాగి ఉంటుంది. వేరే అచ్చు కావాలంటే గుణింతపు గుర్తు తగిలిస్తాం, హల్లు మీద హల్లు వస్తే వత్తు పెడతాం. అచ్చుతో ముగిసే మాటలే ఎక్కువైన తెలుగుకు ఇంతకంటే ఒద్దికైన ఏర్పాటు దొరకదని నా నమ్మకం. 'నీరు' రెండక్షరాలు, పలికేదీ రెండు ముక్కలు. అదే సవర మాట చివరి 'న్'కు పొల్లు పెట్టాలి. అంటే దాగిన అచ్చును పనిగట్టుకుని తీసేయాలి. పొల్లు మరిస్తే ఇంకో అచ్చు పుట్టుకొస్తుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం నడుమ ఉంది. 'డాఅ' అని రాసి తెలుగు చదివేవారి చేతికిస్తే ఏమంటారు? రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే మన నాలుక ఊరుకోదు, యడాగమం చేస్తుంది. 'డాయ' అంటారు. గొంతు తెగడం పోయి, లేని 'య' వచ్చి కూర్చుంటుంది. తప్పు చదివేవారిది కాదు. ఆ ధ్వనికి మన లిపిలో అక్షరమే లేదు.

రామమూర్తి గారు చివరికి అచ్చునూ హల్లునూ విడివిడిగా రాసే రోమన్ అక్షరాలను ధ్వనిగుర్తులతో వాడారు. 1931లో మద్రాసులో అచ్చయిన సవర వ్యాకరణం పేరులోనే భాష పేరు So:ra: అని ఉంటుంది. ఆ రెండు చుక్కలు దీర్ఘానికి. ఇక్కడ ఏ ధ్వనికైనా గుర్తు చేర్చుకోవచ్చు, కానీ మనం కొమ్మునో దీర్ఘాన్నో అక్షరంలోనే కలిపేసినట్టు కాక ప్రతిదానికీ విడిగా చోటు ఇవ్వాలి. భాషా పరిశోధకుడికి అది హాయి. సవర పిల్లవాడికి మాత్రం బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చుకుంటూ మూడో రకం అక్షరాలు మోయడం అవుతుంది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది. అదే ఏడు మంగేయి గొమాంగో అనే సవర తన భాషకు సోరంగ్ సోంపెంగ్ లిపి చేశాడు. అందులో అక్షరాలు 24, వాటికి దేవతల పేర్లు. వత్తుల గొడవ లేదు. 2012లో అది యూనికోడ్‌లోనూ చేరింది. మన వైపు మాత్రం సవర వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. పిల్లవాడు రేపు చదవబోయేది తెలుగే గనుక ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. నేను కోరేది, గొంతు తెగే ధ్వనికి ఒక గుర్తును ఖాయం చేసి, ప్రతి వాచకంలోనూ దాన్నే వాడమని.

అది సరిపోయిందో లేదో చూడడం కష్టం కాదు. సీతంపేట వైపు ఏ బడిలోనైనా ఒక సవర పిల్ల చేత నీటి మాట రాయించండి. వినని మరో సవర పిల్లకు ఆ కాగితం ఇచ్చి పైకి చదవమనండి. 'డాయ' అని వినిపించిందా, గుర్తు మార్చాలి.