భోజనము కాగానే బహిర్భూమి

అన్నము తిని చేయి కడుగుకున్న కొద్దిసేపటికే బహిర్భూమికి పోవలసి వచ్చేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా పెద్దలు వారిని చూచి, “వీనికి తిన్నది ఒంటబట్టదు, ఇట్లా తింటే అట్లా పోతుంది” అని జాలిపడుతారు. ఈ మాటను నమ్మి, ప్రయాణమున్న రోజున పస్తుండేవారున్నారు. పాలు తాగిన ప్రతిసారీ బిడ్డ విరేచనము చేసుకుంటున్నదని పాలు మాన్పించే తల్లులున్నారు. అందుచేత ఈ మాటలో నిజమెంతో తెలుసుకోవడము అవసరము.

మనము మింగిన ఆహారము జీర్ణాశయములో సుమారు రెండు నుండి నాలుగు గంటలు ఉంటుంది. అక్కడినుండి చిన్న ప్రేవులను దాటడానికి మరి నాలుగైదు గంటలు పడుతుంది. సారమంతా అక్కడే రక్తములో చేరుతుంది. మిగిలిన పిప్పి పెద్ద ప్రేవులో ప్రవేశించి, నీరు ఇంకిపోయి మలముగా మారడానికి సాధారణముగా ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు దినములు పడుతుంది. కనుక ఉదయము ఎనిమిది గంటలకు తిన్న అన్నము ఎనిమిదిన్నరకు బయటికి రావడము ఆరోగ్యవంతునిలో జరగని పని. అప్పుడు బయటికి వచ్చేది నిన్నటిది, మొన్నటిది.

ఈ సంగతిని మన ఇంటనే పరీక్షించి చూడవచ్చును. ఈ ప్రాంతములో వానకాలపు పంటగా మక్క విరివిగా పండుతుంది. మక్క గింజ పైతొక్కను మన ప్రేవులు అరిగించుకోలేవు. అది పసుపు పొరగా అట్లాగే బయటపడుతుంది. ఒక వారము మక్క ముట్టకుండా ఉండి, ఆదివారము సాయంత్రము ఏడు గంటలకు ఒక దోసెడు మక్క గుడాలు తిన్నారనుకుందాము. సోమవారము ఉదయము ఎనిమిదింటికి రొట్టె తిని, ఇరవై నిమిషములకు బహిర్భూమికి వెళ్ళినారు. అందులో ఆ ఉదయము తిన్న రొట్టె ఉండదు. మక్క పొర సైతము తరచుగా కనిపించదు. సోమవారము సాయంత్రమో, మంగళవారము ఉదయమో పొరలు కనిపిస్తాయి. మూడు దినములు దాటినా కనిపించకపోతే ప్రేవుల నడక మందముగా ఉన్నదని భావించవచ్చును. నమలడము రాని చిన్న పిల్లలమీద మాత్రము ఈ పరీక్ష చేయరాదు. గింజ గొంతులో అడ్డుపడే ప్రమాదమున్నది.

మరి తిన్న వెంటనే వేగము ఎందుకు కలుగుతుంది? జీర్ణాశయము నిండి దాని గోడలు సాగగానే ఆ వార్త నరముల ద్వారా పెద్ద ప్రేవుకు చేరుతుంది. ఆహారములోని కొవ్వు చిన్న ప్రేవును తాకినప్పుడు కొన్ని రసాయనములు రక్తములోనికి విడుదలై ఆ వార్తను బలపరుస్తాయి. అప్పుడు పెద్ద ప్రేవు ఒక్కసారిగా ముడుచుకొని, తనలో ముందే సిద్ధముగా ఉన్న మలమును క్రిందికి నెట్టుతుంది. పైన కొత్త సరుకు వచ్చినదని తెలిసి, క్రింది గిడ్డంగిలో చోటు చేయడము వంటిదన్న మాట. దీనిని వైద్యులు గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్సు అంటారు. జఠరమునుండి పెద్ద ప్రేవుకు కలిగే ప్రతీకార చర్య అని మనము చెప్పుకోవచ్చును. లండను వైద్యుడు ఆర్థర్ హెర్ట్జ్ తన సహచరునితో కలిసి, భోజనము తరువాత పెద్ద ప్రేవు కదలికలను ఎక్సు-రే క్రింద పరిశీలించి 1913లో ప్రకటించినాడు.

ఈ చర్య తిన్న కొద్ది నిమిషములకే మొదలు కావచ్చును. సాధారణముగా గంటలోపల దాని బలము తెలుస్తుంది. రాత్రి నిద్రలో పెద్ద ప్రేవు దాదాపు విశ్రాంతిగా ఉండి, లేచిన తరువాత చురుకుగా మారుతుంది. అందుచేత ఉదయపు ఆహారము తరువాతనే వేగము ఎక్కువ. నాలుగు ముద్దలు తిన్నప్పటికంటె కడుపునిండ నేతితో తిన్నప్పుడు చర్య బలముగా ఉంటుంది. పసిపిల్లలలో అది మరీ తీవ్రము. మొదటి వారములలో తల్లిపాలు తాగే బిడ్డ, తాగినప్పుడెల్ల పసుపుపచ్చని పలుచని విరేచనము చేయవచ్చును. బిడ్డ చురుకుగా ఉండి బరువు పెరుగుతూ ఉంటే అది రోగము కాదు, పాలు మాన్పించరాదు.

ఈ వేగమును అణచిపెట్టడమువలన కలిగే కీడు బడిపిల్లలలో స్పష్టముగా కనిపిస్తుంది. ఎల్లారెడ్డి దాపున ఒక పల్లెలో ఎనిమిదేండ్ల పిల్లవాడున్నాడనుకుందాము. ఏడున్నరకు తిని, వెంటనే బస్సు ఎక్కుతాడు. దారిలో వేగము కలుగుతుంది; బిగబట్టుతాడు. కొన్ని నిమిషములలో వేగము తగ్గిపోతుంది. బడిలో మరుగుదొడ్డికి పోవడానికి సిగ్గు. లోపల నిలిచిన మలములోని నీరు ఇంకా ఇంకిపోయి అది గట్టిపడుతుంది. మరునాడు వెళ్ళినప్పుడు నొప్పి కలుగుతుంది. నొప్పికి భయపడి మళ్ళీ బిగబట్టుతాడు. వారములు గడిచేసరికి మలాశయము సాగిపోయి, నిండినా వేగము తెలియని స్థితి వస్తుంది. అప్పుడు గట్టి ముద్ద ప్రక్కలనుండి పలుచని ద్రవము కారి లాగు పాడవుతుంది. తల్లి దానిని విరేచనములనుకొని కట్టడానికి మందు ఇప్పిస్తుంది. మలబద్ధము ఇంకా ముదురుతుంది. పిల్లవాడు కావాలని చేస్తున్నాడని కొట్టేవారూ ఉన్నారు. కడుపు ఉబ్బరము, పెద్ద గట్టి మలము, దినములు తప్పి వెళ్ళడము, లాగుకు మరకలు — ఇవన్నీ కలిసి కనిపిస్తే అది విరేచనముల రోగము కాదు, మలబద్ధము. ముద్ద కరగడానికి వైద్యుడు మందు ఇవ్వవలసి ఉంటుంది.

తరువాత అది మళ్ళీ రాకుండా ఈ ప్రతీకార చర్యనే వాడుకోవాలె. పిల్లవానిని అరగంట ముందు లేపి, తినిపించి, పదిహేను ఇరవై నిమిషములు గడిచినాక మరుగుదొడ్డిలో అయిదు నుండి పది నిమిషములు కూర్చుండబెట్టాలె. కుర్చీవంటి దొడ్డి అయితే కాళ్ళక్రింద పీట వేయాలె. కాళ్ళు వ్రేలాడితే ముక్కడానికి బలము చాలదు. వెళ్ళినా వెళ్ళకపోయినా కోపపడరాదు. ప్రతిదినమూ ఒకే వేళకు కొన్ని నెలలు సాగితేనే అలవాటు నిలుస్తుంది.

తిన్న వెంటనే వెళ్ళవలసి రావడములో ఎప్పుడు జాగ్రత్తపడాలె? మలము గట్టిగా, మామూలుగా ఉండి, దినమునకు ఒకటి రెండు పర్యాయములు వెళ్ళితే చింతలేదు. తిన్నప్పుడెల్ల కడుపులో మెలిపెట్టి, వెళ్ళిన తరువాత తగ్గుతూ నెలల తరబడి బాధిస్తే ఈ చర్య మితిమీరినదేమో వైద్యుడు పరీక్షించాలె. దినమునకు మూడు లేక అంతకు మించి నీళ్ళవలె పోతే అది అతిసారము. ఆ ద్రవనష్టమును ఓ.ఆర్.ఎస్. నీటితో పూరించాలె, ఆహారము మాన్పించరాదు. మలములో రక్తము, జ్వరము, బరువు తగ్గడము, నిద్రనుండి లేపే విరేచనములు, నడివయసు దాటిన తరువాత అలవాటు మారడము — వీటిలో ఏది కనిపించినా తిండిని నిందించి ఊరుకోక ఆసుపత్రికి పోవాలె.