బ్యాటరీ కొనేముందు కోతలు లెక్కపెట్టండి
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఇన్వర్టర్‌కు లిథియం బ్యాటరీ కొనాలా, లెడ్ యాసిడ్‌దా అని చాలామంది అడుగుతున్నారు. మేము వేసుకున్న లెక్క చెబుతాం.

రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు రోజూ మూడు గంటలు నడవాలి. దీనికి 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ గానీ, 100 ఏహెచ్ లిథియం గానీ చాలు. ట్యూబులర్‌ను సగానికి మించి దించితే త్వరగా చెడుతుంది. లిథియాన్ని 80 శాతం దాకా వాడుకోవచ్చు.

మేము అడిగినచోట ట్యూబులర్ 15 వేలు, లిథియం 30 వేలు చెప్పారు. మొదటిది సుమారు 1,200 సార్లు ఛార్జికి ఆగుతుంది, రెండోది 3,000 సార్లకు. అంటే ఒక్కో ఛార్జికి పన్నెండున్నర రూపాయలు, పది రూపాయలు. రోజూ కోతలుండే ఊళ్లో లిథియమే చవక. వారానికోసారి కోతైతే ఆ 3,000 పూర్తికాకముందే దానికి వయసు మీరుతుంది. అక్కడ ట్యూబులరే మేలు. పాతది ఇచ్చినా సీసానికి డబ్బులొస్తాయి.

ట్యూబులర్ యాభై కిలోల పైనే, లిథియం పన్నెండు పదమూడు కిలోలు. ట్యూబులర్‌లో రెండు మూడు నెలలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు పోసి మేము ఒకటి పాడుచేసుకున్నాం. లిథియానికి నీళ్ల పని లేదు. కానీ మీ పాత ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.