ఎండిన చెరువును ఎట్లా రాయాలి?



అంగళ్లు నుంచి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఏ ఊరికి పోయినా ఒక చెరువు కట్ట కనబడుతుంది. కట్ట ఎక్కితే నీళ్లుంటాయన్న నమ్మకం మాత్రం లేదు. ఈ చెరువుల మీద రాసేవాళ్లు తక్కువేం కాదు. నెర్రెలిచ్చిన నేల, నీరే ప్రాణం, చెరువును కాపాడుకుందాం, ఇంతే చాలామంది రాసేది. ఊరి పేరు మారిస్తే ఏ జిల్లాకైనా అతికే మాటలవి. అందుకే ఎవరి మనసుకూ తగలవు.

మన సీమలో చెరువు గురించి రాసిన పాతరాత ఒకటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గురించిన 1369 నాటి శాసనం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, పని పట్టిన కాలం రెండేళ్లు అని అందులో ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో చెప్పి, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు కూడా చెప్పింది. కట్ట కారడం ఒక దోషం. నీళ్లు కొంచెమై పారాల్సిన నేల విస్తారం కావడం ఇంకొకటి. పుణ్యం మాట ఎత్తినా, పని లెక్క విడవలేదు. రాసేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఆ లెక్కే.

మన పక్క చెరువులో లెక్క నీరుగంటి దగ్గర మొదలవుతుంది. తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది ఆయనే. రాత్రిపూట కూడా కాలవ గట్ల మీదే తిరిగేవాడు. జీతం లేదు. కోతల్లో ప్రతి మడి దగ్గరా ఇంత వడ్లో, ఒక మోపో ఇచ్చేవాళ్లు. చాలా ఊళ్లలో నీరుగంట్లు దళితులు. అందరి మళ్లకూ నీళ్లు పారించిన మనిషికి ఆ ఆయకట్టులో సెంటు భూమి లేని ఊళ్లూ ఉన్నాయి. పాత చెరువంటే అంతా చల్లగా సాగిందని రాసేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు. దాటేస్తే ఆ రాత అబద్ధమవుతుంది.

ఇంకో సంగతి, చెరువు ఎండడం మనకు కొత్త కాదు. వానలు తప్పిన ఏడు ఊరు దామాషా వేసుకునేది. ఆయకట్టంతా తడవదని తెలిశాక, తూముకు దగ్గరగా ఉన్న నేలను మాత్రమే సాగుకు పెట్టి, దాన్ని అందరి వాటాల ప్రకారం పంచుకునేవాళ్లు. పదెకరాలున్నవాడికి అందులో కొంత, ఎకరా ఉన్నవాడికి దాని ప్రకారం కొంత. ఆ మడి ఎవరిదైనా సరే, ఆ ఏడుకు అందరూ దానిమీదే బతకాలి. తగాదాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ తగాదా పడడానికి రచ్చబండ దగ్గర అందరూ కూర్చునేవాళ్లు.

బోర్లు వచ్చాక ఈ వరస తిరగబడింది. బోరున్నవాడికి తూముతో పనిలేదు. తూముతో పనిలేనివాడు వంకలో పూడిక తీయడానికి రాడు. వంక పూడితే చెరువులోకి నీళ్లు దిగవు, నీళ్లు దిగకపోతే కింద బావులు ఊరవు, మళ్లీ ఇంకా లోతుకు బోరు వేయాలి. ఇప్పుడు వెయ్యి అడుగులకు పోయినా వట్టి పొడే వచ్చిన బోర్లున్నాయి. నీళ్లు పడినవాడు టమోటా పెడతాడు, పడనివాడు అప్పు తీర్చుకుంటాడు. వాళ్లిద్దరికీ కలిపి దామాషా వేసేవాళ్లు లేరు.

కాబట్టి రాసేటప్పుడు, “చెరువు ఎండి ఊరు కన్నీరు పెడుతోంది” అనకండి. ఇట్లా రాసి చూడండి: “కట్ట కింది మడిలో వరి కోసేటప్పుడు నీరుగంటికి మోపు ఇచ్చేవాళ్లు. ఇప్పుడా మడిలో టమోటా. టమోటాలో నీరుగంటి వాటా లేదు.” మూడు చిన్న వాక్యాలు. ఏం పోయిందో వినేవాడే లెక్కగట్టుకుంటాడు.

చెరువు చచ్చిపోయిందని కూడా తొందరపడి రాయకూడదు. 2021 నవంబరు వానలకు చిత్తూరు జిల్లాలో చాలా చెరువులు నిండి మరవలు పారాయి. నిండిన చెరువు కింద తూము తెరిచే మనిషి ఉన్నాడా లేడా అన్నది అడగాల్సిన ప్రశ్న. సర్కారు తుమ్మ కంప కమ్ముకున్న తూము చూస్తే జవాబు తెలిసిపోతుంది.

మీ ఊరి చెరువు గురించి రాయాలనుంటే ఫోటో కోసం కట్ట ఎక్కే ముందు నీరుగంటి ఇంటికి పోండి. చివరిసారి తూము ఏ ఏడు ఎత్తారో, ఆ ఏడు ఆయనకు ఎన్ని మోపులు వచ్చాయో అడిగి రాసుకోండి. ఆ మాటలు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు.